ఒకే మిషనుకు రెండు తరుగుదల లెక్కలు

విజయవాడ ఆటోనగర్‌లో ఇద్దరు అన్నదమ్ములు భాగస్వాములుగా నడిపే ఒక లేత్ షాపును ఊహించుకుందాం. పాత మిషన్లన్నీ అమ్మేసి, 2025 ఏప్రిల్ 1న ఒక కొత్త సీఎన్‌సీ లేత్ బిగించారు. దాని మీద పంపుసెట్లకు షాఫ్టులు తయారుచేసి అమ్ముతారు. జీతాలు, కరెంటు, బ్యాంకు వడ్డీ, భాగస్వాముల పారితోషికం అన్నీ పోను ఏటా 8 లక్షలు మిగులుతున్నాయి. తరుగుదల మాత్రం ఇంకా తీయలేదు.

అయిదో ఏడు రిటర్ను వేసే రోజున అన్నగారు ఆడిటర్ ముందు కాగితం పెట్టి అడిగారు.

"మొదటి ఏడు 1,56,000 పన్ను కట్టాం కదండీ. అప్పుడూ మిగిలింది ఎనిమిది లక్షలే, ఇప్పుడూ ఎనిమిది లక్షలే. రేటూ మారలేదు. మరి ఈసారి రెండు లక్షలు దాటిందేమిటండీ?"

"మిగులు మారలేదు బాబూ, తరుగుదల మారింది. మీ పుస్తకాల్లో అది ఏటా ఒకటే అంకె. పన్ను లెక్కలో ఏటా తగ్గుతూ వస్తుంది."

ఆ జవాబు సరైనదే. కానీ అంత పొట్టి జవాబుతో అనుమానం తీరదు. ఒకే మిషనుకు రెండు లెక్కలు ఎందుకుంటాయో, వాటి మధ్య తేడా రూపాయల్లో ఎంతో, ఆ తేడా చివరికి ఎక్కడ తేలుతుందో ఈ లేత్‌తోనే ఏడాది ఏడాదిగా చూద్దాం.

మిషను ఖరీదు ఎంత?

తరుగుదల లెక్క మొదలయ్యేది ఖరీదు దగ్గర. బిల్లులో మిషను ధర 19 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,42,000. లారీ కిరాయి, కాంక్రీటు పునాది, వైరింగు, బిగింపు కలిపి ఇంకో లక్ష.

మిషను పనిచేసే స్థితికి రావడానికి పెట్టిన ఖర్చంతా దాని ఖరీదులో చేరుతుంది. కాబట్టి ఆ లక్ష కలిపి 20 లక్షలు. జీఎస్టీ మాత్రం కలపలేదు, ఎందుకంటే షాఫ్టుల అమ్మకం మీద కట్టాల్సిన పన్నులోంచి ఆ 3,42,000ను అన్నదమ్ములు ఇన్‌పుట్ క్రెడిట్‌గా మినహాయించుకుంటారు. అదే మొత్తాన్ని ఖరీదులోనూ కలిపి తరుగుదల తీస్తే ఒకే డబ్బుకు రెండుసార్లు లాభం పొందినట్టవుతుంది. చట్టం అందుకు ఒప్పుకోదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

మిషను పదేళ్లు బాగా పనిచేస్తుందని, ఆ తర్వాత అమ్మితే 2 లక్షలు వస్తాయని వాళ్ల అంచనా. ఆ 2 లక్షలను అవశేష విలువ అంటారు. షాపుల్లో స్క్రాపు విలువ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

రెండు పద్ధతులు

మొదటిది స్థిర వాయిదాల పద్ధతి. సరళరేఖా పద్ధతి అనీ అంటారు. 20 లక్షల్లోంచి అవశేష విలువ 2 లక్షలు తీసేస్తే 18 లక్షలు. దాన్ని పదేళ్లకు సమానంగా పంచితే ఏటా 1,80,000. మొదటి ఏడూ అంతే, పదో ఏడూ అంతే. పదేళ్లు పూర్తయ్యేసరికి పుస్తకంలో సరిగ్గా 2 లక్షలు మిగులుతాయి.

రెండోది తగ్గుతున్న నిల్వల పద్ధతి. ఆడిటర్ల నోట డబ్ల్యూడీవీ అని వినిపించేది ఇదే. ఇందులో శాతం మారదు, ఆ శాతం వేసే నిల్వ మాత్రం ఏటా తగ్గుతుంది. మన దేశ ఆదాయపు పన్ను లెక్కలో సాధారణ యంత్రాలకు 15 శాతం. మొదటి ఏడు 20 లక్షల మీద 15 శాతం, అంటే 3 లక్షలు. మిగిలిన 17 లక్షల మీద రెండో ఏడు 15 శాతం, అంటే 2,55,000. మూడో ఏడు 14,45,000 మీద 2,16,750. ఇలా మిగిలినదాని మీదే మళ్లీ లెక్క కడుతూ పోవాలి.

ఈ రెండో పద్ధతిలో అవశేష విలువను ముందుగా తీసేయకూడదు. మిగిలినదాని మీదే శాతం వేస్తుంటాం కాబట్టి నిల్వ ఎప్పటికీ సున్నా కాదు, ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

పదేళ్ల లెక్క రూపాయల్లో ఇలా ఉంటుంది.

| ఏడాది | స్థిర వాయిదా తరుగుదల | 15 శాతం తగ్గుతున్న నిల్వ తరుగుదల | తగ్గుతున్న నిల్వలో మిగిలింది |
|---|---|---|---|
| 1 | 1,80,000 | 3,00,000 | 17,00,000 |
| 2 | 1,80,000 | 2,55,000 | 14,45,000 |
| 3 | 1,80,000 | 2,16,750 | 12,28,250 |
| 4 | 1,80,000 | 1,84,238 | 10,44,012 |
| 5 | 1,80,000 | 1,56,602 | 8,87,410 |
| 6 | 1,80,000 | 1,33,112 | 7,54,298 |
| 7 | 1,80,000 | 1,13,145 | 6,41,153 |
| 8 | 1,80,000 | 96,173 | 5,44,980 |
| 9 | 1,80,000 | 81,747 | 4,63,233 |
| 10 | 1,80,000 | 69,485 | 3,93,748 |

మొదటి నాలుగేళ్లు రెండో పద్ధతిలో తరుగుదల ఎక్కువ. నాలుగో ఏడు తేడా నాలుగు వేల చిల్లరకు దిగింది. అయిదో ఏట తారుమారైంది. అన్నగారికి అనుమానం వచ్చిన ఏడు కూడా అదే.

పుస్తకాల్లో ఏది నయం?

పుస్తకాల్లో తరుగుదల తీసేది పన్ను కోసం కాదు. షాఫ్టు తయారీకి ఉక్కు ఎంత పడిందో, కరెంటు ఎంత పడిందో రాసుకున్నట్టే, మిషను అరుగుదల ఎంత పడిందో రాసుకోవడం. అది రాయకపోతే షాఫ్టు ధర తక్కువ తేలుతుంది, లాభం ఎక్కువ కనిపిస్తుంది. ఆ లాభమంతా ఇంటికి వాడుకుంటే పదో ఏట కొత్త మిషను కొనడానికి చేతిలో డబ్బుండదు.

కాబట్టి పద్ధతిని ఎంచుకునే ముందు చూడాల్సింది ఆ మిషను ఎలా అరుగుతుందన్నదే. ఏటా దాదాపు ఒకే మోతాదు పని ఇచ్చేదైతే స్థిర వాయిదా సరిపోతుంది. కొత్తలో వేగంగా, కచ్చితంగా పనిచేసి, ఏళ్లు గడిచేకొద్దీ మరమ్మతులు మీదికి తెచ్చేదైతే తగ్గుతున్న నిల్వ నయం.

మరమ్మతుల సంగతి అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఈ లేత్‌కు మొదటి ఏడు మరమ్మతు 20,000, పదో ఏడు స్పిండిలు బేరింగులు, బాల్ స్క్రూలు మార్చాల్సి వచ్చి 1,20,000 అయిందనుకుందాం. స్థిర వాయిదాలో మొదటి ఏడు మిషను భారం మొత్తం 2 లక్షలు, పదో ఏడు 3 లక్షలు. తగ్గుతున్న నిల్వలో మొదటి ఏడు 3,20,000, పదో ఏడు 1,89,485. మొదటి పద్ధతిలో భారమంతా మిషను ముసలిదయ్యాక మీద పడుతోంది. రెండో పద్ధతిలో మిషను బాగా సంపాదించే రోజుల్లోనే భారంలో ఎక్కువ భాగం తీరిపోతోంది.

అయితే 15 శాతం అన్నది ఈ లేత్‌ను చూసి పెట్టిన రేటు కాదు. పదేళ్లలో 20 లక్షలు సరిగ్గా 2 లక్షలకు దిగాలంటే ఏటా 20.57 శాతం చొప్పున తీయాలి. 15 శాతంతో పదేళ్ల చివర ఇంకా 3,93,748 మిగిలిందంటే కారణం అదే. పన్ను చట్టం షాఫ్టులు తీసే లేత్‌కూ కారం మిల్లుకూ ఒకే రేటు పెట్టింది. మీ మిషను ఎన్నేళ్లు బతుకుతుందో దానికి తెలియదు.

కంపెనీగా నమోదైన సంస్థ తన పుస్తకాలకు 2013 కంపెనీల చట్టంలోని రెండో షెడ్యూలును ఆధారం చేసుకోవాలి. అందులో సాధారణ యంత్రాలకు ఆయుష్షు 15 ఏళ్లు. అవశేష విలువ మామూలుగా ఖరీదులో 5 శాతానికి మించకూడదు. ఆ లెక్కన ఇదే లేత్‌కు స్థిర వాయిదా తరుగుదల ఏటా 1,26,667 వస్తుంది. మన అన్నదమ్ములది భాగస్వామ్య సంస్థ కాబట్టి తమ అంచనా ప్రకారం పదేళ్లు పెట్టుకున్నారు.

పన్ను లెక్కలో ఎంపిక లేదు

పుస్తకాల్లో ఏ పద్ధతి పెట్టుకున్నా పన్ను లెక్కకు వచ్చేసరికి మామూలు వ్యాపారికి ఒక్కటే దారి, తగ్గుతున్న నిల్వ. స్థిర వాయిదాను ఎంచుకునే వీలు విద్యుత్తు ఉత్పత్తి చేసే సంస్థల వంటి వాటికే ఉంది. ఈ ఏడు నష్టంలో ఉన్నాం, తరుగుదల తీయకుండా వచ్చే ఏటికి దాచుకుందామన్నా కుదరదు. మీరు అడిగినా అడగకపోయినా ఆ ఏటి తరుగుదల తీసినట్టే లెక్కించి నిల్వ తగ్గించేస్తారు.

అందుకే ఆడిటర్ రిటర్ను వేసేటప్పుడు పుస్తకంలోని లాభం తీసుకుని, దానికి పుస్తకపు తరుగుదలను తిరిగి కలిపి, పన్ను చట్టం ప్రకారం వచ్చే తరుగుదలను తీస్తారు. అన్నదమ్ముల లెక్కలో మొదటి ఏడు ఇది ఇలా నడిచింది.

పుస్తకంలో 8,00,000 లోంచి 1,80,000 పోను లాభం 6,20,000. దానికి 1,80,000 కలిపితే మళ్లీ 8,00,000. అందులోంచి 3,00,000 తీస్తే పన్ను పడే ఆదాయం 5,00,000.

భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం. ఆ పన్ను మీద 4 శాతం విద్య, ఆరోగ్య సెస్సు. రెండూ కలిపి 31.2 శాతం. అంటే 5,00,000 మీద 1,56,000. పుస్తకంలోని 6,20,000 మీదే పన్ను పడి ఉంటే 1,93,440 అయ్యేది. తేడా 37,440. తరుగుదలల మధ్య ఉన్న 1,20,000 తేడాను 31.2 శాతంతో గుణిస్తే వచ్చేదీ సరిగ్గా ఇదే. తరుగుదల ఎంత ఎక్కువైతే అంత మొత్తం పన్ను తగ్గదు, దాని మీద పడాల్సిన పన్ను మాత్రమే తగ్గుతుంది. ఈ రెంటినీ కలిపేసుకుని, మిషను కొంటే మూడు లక్షల పన్ను తగ్గుతుందని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాతి ఏళ్లు చూద్దాం. రెండో ఏడు 23,400, మూడో ఏడు 11,466, నాలుగో ఏడు 1,322 రూపాయలు తక్కువ పన్ను పడింది. నాలుగేళ్లలో మొత్తం 73,628.

అయిదో ఏడు తరుగుదల 1,56,602. ఆదాయం 6,43,398. పన్ను 2,00,740. పుస్తకపు లాభం మీదైతే ఎప్పటిలాగే 1,93,440. అంటే ఈసారి 7,300 ఎక్కువ. అక్కడి నుంచి ఏటా పెరుగుతూ పోతుంది. ఆరో ఏడు 14,629, ఏడో ఏడు 20,859, ఎనిమిదో ఏడు 26,154. ఎనిమిదో ఏటి చివర కూడిక తీస్తే మొదట్లో తగ్గిన 73,628లో మిగిలింది 4,686 మాత్రమే. తొమ్మిదో ఏట అదీ కరిగిపోయి లెక్క అవతలి వైపుకు తిరుగుతుంది.

అన్నగారి ప్రశ్నకు పూర్తి జవాబు ఇక్కడుంది. మొదటి ఏటితో పోలిస్తే ఆయన పన్ను 44,740 పెరిగింది. అందులో 37,440 మొదటి ఏడు తక్కువ కట్టినందువల్ల కనిపిస్తున్న తేడా. మిగిలిన 7,300 ఆ పాత తగ్గింపులో తొలి తిరుగు వాయిదా.

కాబట్టి తొలి ఏళ్లలో తగ్గిన పన్నును మాఫీ అనుకోకూడదు. అది వడ్డీ లేకుండా చేతిలో మిగిలిన అప్పులాంటిది. షాపుకు బ్యాంకులో 10 శాతం వడ్డీ మీద క్యాష్ క్రెడిట్ ఉంటే, మొదటి ఏటి 37,440ను అందులో జమ చేస్తే ఏడాదికి 3,744 వడ్డీ మిగులుతుంది. నిజమైన లాభం ఆ వడ్డీయే. అసలు మాత్రం తిరిగి కట్టాల్సిందే. కంపెనీలు ఈ మొత్తాన్ని వాయిదా పన్ను అన్న పేరుతో పుస్తకాల్లో చూపిస్తాయి. చిన్న షాపుకు అంత తంతు అక్కర్లేదు. నాలుగేళ్లలో ఎంత తక్కువ కట్టామో, ఏ ఏటి నుంచి తిరిగి కడుతున్నామో ఒక పేజీలో రాసుకుంటే చాలు.

దసరాకు మొదలెడితే నిండు ఏడు, దీపావళికైతే సగం

పై లెక్కలో మిషను ఏప్రిల్ 1న పనిలోకి దిగింది. మన దగ్గర చాలామంది కొత్త మిషనుకు దసరా రోజున ఆయుధపూజ చేసి స్విచ్చి వేస్తారు. పన్ను లెక్కలో ఆ తేదీకి విలువ ఉంది. కొన్న ఏడాదిలో మిషను 180 రోజులకు తక్కువ వాడితే ఆ ఏడు సగం రేటే, అంటే 7.5 శాతమే ఇస్తారు. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే 180 రోజులు పడాలంటే, లీపు సంవత్సరం కానప్పుడు అక్టోబరు 3 నాటికి మిషను పనిలో ఉండాలి.

2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజు షాఫ్టులు తీయడం మొదలెట్టిన లేత్‌కు మార్చి 31 దాకా 181 రోజులు. నిండు తరుగుదల 3,00,000 వచ్చింది. అదే మిషనును దీపావళికి, అక్టోబరు 20న మొదలెడితే 163 రోజులు. తరుగుదల 1,50,000 మాత్రమే. పన్నులో తేడా 46,800.

ఆ సగం పోయినట్టు కాదు. అది నిల్వలోనే ఉంటుంది. రెండో ఏడు 17 లక్షల మీద కాక 18,50,000 మీద 15 శాతం లెక్కించి 2,77,500 ఇస్తారు. ఇదీ పన్ను ఎప్పుడు కట్టాలన్న తేడాయే.

ఇక్కడ లెక్కకొచ్చేది మిషను వాడకంలోకి వచ్చిన తేదీ. బిల్లు సెప్టెంబరులో ఉండి, కరెంటు కనెక్షను నవంబరులో వచ్చి ఉంటే సెప్టెంబరు తేదీ నిలబడదు. పన్ను అధికారి అడిగేది బిగింపు రిపోర్టు, లోడు పెంచినట్టు కరెంటు బిల్లు, మొదటి ఉత్పత్తి రాసిన జాబ్ కార్డు. పూజ రోజు కొబ్బరికాయ కొట్టి వదిలేయకుండా ఆ రోజే నాలుగు షాఫ్టులు తీసి, తేదీతో రాసి పెట్టుకోవడం మంచిది.

అదనపు తరుగుదల

ఇప్పటివరకూ 15 శాతమే తీసుకున్నాం. వస్తువులు తయారుచేసే సంస్థ కొత్త మిషను కొంటే మొదటి ఏడు ఇంకో 20 శాతం అదనపు తరుగుదల అడగవచ్చు. పాత మిషను కొంటే రాదు. తక్కువ రేట్ల కొత్త పన్ను విధానం ఎంచుకున్న సొంత వ్యాపారులకూ కంపెనీలకూ రాదు. భాగస్వామ్య సంస్థలకు అలాంటి తక్కువ రేటు విధానం లేదు కాబట్టి మన అన్నదమ్ములకు వస్తుంది.

అలా తీసుకుంటే మొదటి ఏడు 3 లక్షలకు ఇంకో 4 లక్షలు కలిసి తరుగుదల 7 లక్షలు. పన్ను పడే ఆదాయం లక్షకు దిగుతుంది. పన్ను 31,200. మామూలు 1,56,000తో పోలిస్తే 1,24,800 తక్కువ. కానీ నిల్వ 13 లక్షలకు పడిపోతుంది. రెండో ఏడు దాని మీద 15 శాతం 1,95,000 మాత్రమే. అదనంగా ముందు తీసుకున్న 4 లక్షలు తర్వాతి ఏళ్ల నిల్వలోంచి తీసుకున్నవే. తిరుగు వాయిదా అయిదో ఏటి దాకా ఆగదు, మూడో ఏటనే మొదలవుతుంది.

2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ బిహార్, పశ్చిమ బెంగాల్‌లోనూ నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతాల్లో పెట్టిన ఫ్యాక్టరీలకు ఈ అదనపు రేటు 35 శాతం ఉండేది. ఆ గడువు ముగిసింది. అప్పటి లెక్క చూసి ఇప్పుడు కొనేవాళ్లు పొరబడకూడదు.

అమ్మిన రోజున తేలే లెక్క

రెండు లెక్కల మధ్య తేడా చివరికి ఎక్కడికి పోతుందో మిషను అమ్మినప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. అదనపు తరుగుదల తీసుకోలేదనుకుని మన మొదటి లెక్కకే వద్దాం. అయిదేళ్లు నిండిన మర్నాడు అన్నదమ్ములు లేత్‌ను 11 లక్షలకు అమ్మేశారు.

పుస్తకంలో 20 లక్షల్లోంచి అయిదు వాయిదాలు 9 లక్షలు పోను మిగిలింది 11 లక్షలు. అమ్మిందీ 11 లక్షలకే. లాభమూ లేదు, నష్టమూ లేదు. అమ్మకం మీద పన్నేమీ ఉండదని వాళ్లు అనుకోవడం సహజం.

పన్ను లెక్కలో మాత్రం ఆ మిషను నిల్వ 8,87,410. షాపులో వేరే మిషను లేదు కాబట్టి అమ్మిన ధరకూ ఆ నిల్వకూ మధ్య ఉన్న 2,12,590 స్వల్పకాలిక మూలధన లాభం అవుతుంది. దాని మీద 31.2 శాతం పన్ను 66,328.

ఈ అంకెను ఇందాకటి కూడికతో పోల్చి చూడండి. నాలుగేళ్లలో తగ్గిన పన్ను 73,628. అయిదో ఏడు తిరిగి కట్టింది 7,300. మిగిలింది 66,328. రూపాయి తేడా లేకుండా అమ్మకం రోజున పడిన పన్నూ అంతే. ఇది కాకతాళీయం కాదు. తొలి ఏళ్లలో అసలు అరుగుదల కంటే ఎక్కువ తరుగుదల తీసుకున్నారు, మిషను నిజంగా అంత అరగలేదని అమ్మకపు ధర తేల్చింది, ముందు తగ్గించిన పన్ను తిరిగి వసూలైంది.

అదే ఏడాదిలో వాళ్లు 22 లక్షలు పెట్టి కొత్త లేత్ కొని ఉంటే సంగతి వేరుగా ఉండేది. 1988 ఏప్రిల్ నుంచి పన్ను చట్టం ఒక్కో మిషనును విడిగా చూడడం మానేసి, ఒకే రేటు పడే వాటన్నిటినీ ఒక బ్లాకుగా చూస్తోంది. పాత నిల్వకు కొత్తగా కొన్నది కలిపి, అమ్మగా వచ్చింది తీసేస్తారు. 8,87,410కు 22 లక్షలు కలిపి 11 లక్షలు తీస్తే 19,87,410. దాని మీద ఆ ఏటి తరుగుదల, కొత్త లేత్ 180 రోజులైనా పనిచేస్తే, 2,98,112. అమ్మకం మీద విడిగా పన్ను పడదు. పాత బాకీ కొత్త మిషను నిల్వలో కలిసి ఇంకొన్నేళ్లు ముందుకు జరుగుతుంది. అందుకే మిషను మార్చాలనుకునేవాళ్లు అమ్మకాన్ని మార్చిలో చేసి కొనుగోలును ఏప్రిల్‌కు నెట్టకూడదు. బ్లాకులో వేరే మిషన్లు లేని షాపుకు ఆ కొద్ది రోజుల తేడాతోనే 66,328 కట్టాల్సి వస్తుంది.

బ్లాకులో వేరే మిషన్లు ఉన్నప్పుడు తక్కువకు అమ్మినా ఇలాగే జరుగుతుంది. పదేళ్ల తర్వాత 3,93,748 నిల్వ ఉన్న లేత్‌ను 2 లక్షలకు అమ్మితే మిగిలిన 1,93,748ను ఆ ఏడే నష్టంగా చూపలేరు. అది బ్లాకులో ఉండిపోయి, మిషను షాపులో లేకపోయినా, ఏటా 15 శాతం చొప్పున కరుగుతూ ఉంటుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ బ్లాకు, తగ్గుతున్న నిల్వ, 180 రోజుల పద్ధతి అలాగే ఉన్నాయి.

లెక్క తప్పిందని ఎలా తెలుస్తుంది?

మీ ఆడిటర్ ఇచ్చిన పత్రంలో తరుగుదల పట్టిక ఒకటి ఉంటుంది. ముందుగా పన్ను లెక్కలో రెండు వరుస ఏళ్ల తరుగుదల చూడండి. కొత్తగా ఏమీ కొనకుండా, అమ్మకుండా ఉంటే, మొదటి ఏడు సగం రేటు పడిన మిషన్లూ అదనపు తరుగుదలలూ లేకపోతే, రెండో ఏటిది మొదటి ఏటిలో 85 శాతం ఉండాలి. రెండూ సమానంగా ఉంటే ఎవరో 15 శాతాన్ని నిల్వ మీద కాక కొన్న ధర మీదే మళ్లీ వేశారన్నమాట. అలా వేస్తే 20 లక్షల మిషను ఏడేళ్లు నిండకుండానే సున్నా అయిపోతుంది. ఆ తప్పు బయటపడ్డాక పన్నుతోపాటు వడ్డీ కూడా కట్టాలి.

తర్వాత, ఈ ఏటి ప్రారంభ నిల్వ పోయినేటి ముగింపు నిల్వతో సరిపోవాలి. ఆడిటర్‌ను మార్చిన ఏడు ఇది తప్పక చూడాలి. పుస్తకపు నిల్వ పొరపాటున పన్ను పట్టికలోకి వచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ.

చివరగా, పుస్తకపు తరుగుదలా పన్ను తరుగుదలా ప్రతి ఏడూ ఒకటే అంకెగా ఉంటే, పుస్తకాలు కూడా 15 శాతంతోనే రాస్తున్నారని అర్థం. చిన్న షాపుల్లో రెండు పట్టికలు ఎందుకని అలా చేస్తుంటారు. అది నేరం కాదు. కానీ ఈ లేత్ విషయంలో మొదటి ఏడు బ్యాంకుకు చూపే లాభం 6,20,000 బదులు 5,00,000కు తగ్గుతుంది, పదో ఏడు 7,30,515 అవుతుంది. పని పెరగకుండానే లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పు అడగబోయే ఏట అది ఇబ్బంది పెడుతుంది, మిషను ముసలిదైన ఏట ధైర్యం ఎక్కువ చేస్తుంది.

మన అన్నదమ్ములు రెండు పట్టికలూ ఉంచుకున్నారు. అయిదో ఏటి కాగితం మీద ఆడిటర్ 66,328 అని రాసి దాని చుట్టూ గీత గీశారు. ఇప్పుడు లేత్ అమ్మినా, ఇంకో అయిదేళ్లు నడిపినా వాళ్లు ఆ మొత్తాన్ని కట్టాల్సే ఉంటుంది. అది ఒక్కసారిగానా, ఏడాదికి కొంతగానా అన్నది మిషనును ఎప్పుడు మారుస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.